నిర్ణయం తేల్చే మీటింగుకు ఆహ్వానం మెయిల్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ అంతా ఒకే ఉదాహరణ మీద నడుస్తుంది. గుంటూరులో ఒక కారం మిల్లు ఉందనుకోండి. ఈ సీజన్‌లో కొనబోయే 10,000 బస్తాల మిర్చిని రెండు కోల్డ్ స్టోరేజీల్లో ఎక్కడ పెట్టాలో ఐదుగురు కూర్చుని తేల్చుకోవాలి. మిల్లు ఊహించుకున్నది. స్టోరేజీ అద్దెలు, లారీ కిరాయిలు కూడా లెక్క నడవడానికి వేసుకున్న అంకెలే, ఈ ఏడాది మార్కెట్ ధరలు కావు. మెయిల్ రాసే పద్ధతి మాత్రం విజయవాడ ఆటోనగర్‌లో వర్క్‌షాపుకైనా, బ్రాడీపేటలో ఆడిటర్ ఆఫీసుకైనా ఇదే.

మెయిల్ రాయడం ఎక్కడ మొదలుపెట్టాలి?

చివరి నుంచి. మీటింగ్ ముగిశాక మినిట్స్‌లో ఏ వాక్యం పడాలో ముందు అది రాసుకోండి, తేలాల్సిన మాటల దగ్గర ఖాళీలు వదలండి. మన మిల్లుకు ఆ వాక్యం ఇలా ఉంటుంది: "10,000 బస్తాలను ______ స్టోరేజీలో పెడుతున్నాం. అడ్వాన్స్ ______ గారు ______ తేదీలోగా కడతారు." మూడు ఖాళీలు నిండితే మీటింగ్ పని అయిపోయినట్టే. నిండకపోతే ఎంతసేపు కూర్చున్నా కానట్టే.

ఇలాంటి వాక్యం రాయలేకపోతున్నారంటే మీటింగ్ ఎందుకు పెడుతున్నారో మీకే ఇంకా స్పష్టం కాలేదు. మన ఆఫీసు మెయిళ్లలో ఎక్కువగా కనిపించే మాట "కోల్డ్ స్టోరేజీ విషయమై చర్చించుటకు". చర్చించుటకు పిలిస్తే వచ్చినవాళ్లు చర్చించే వెళ్తారు. నిరుడు బస్తాలు తడిసిన సంగతి ఒకరు ఎత్తుకుంటారు, హమాలీ రేట్లు ఇంకొకరు ఎత్తుకుంటారు, టీ వస్తుంది, "సరే, చూద్దాం" అని లేస్తారు. ఆ "చూద్దాం" ఎవరి తప్పూ కాదు. తేల్చమని మెయిల్‌లో ఎవరూ అడగలేదు.

కాబట్టి మెయిల్ మొదటి పేరాలోనే "గురువారం 4:45 కల్లా ఇది తేల్చుకుని లేవాలి" అన్న అర్థం వచ్చే వాక్యం ఉండాలి. నేపథ్యం దాని తర్వాతే. ఫోన్‌లో మెయిల్ తెరిచినవాళ్లకు కిందికి జరపకుండా కనిపించేది మొదటి నాలుగైదు లైన్లే.

ఆప్షన్లు కూడా మెయిల్‌లోనే రాస్తే, ముందే తేల్చేసి పిలిచినట్టు ఉండదా?

ఒక్క ఆప్షన్ రాస్తే అలాగే ఉంటుంది. రెండు మూడు రాసి, ప్రతిదానికీ ఒకే కొలత పెడితే ఉండదు. మన ఉదాహరణలో మూడు దారులున్నాయి: మొత్తం దగ్గరి స్టోరేజీలో పెట్టడం, మొత్తం దూరపు స్టోరేజీలో పెట్టడం, 6,000 దగ్గర, 4,000 దూరం పెట్టడం. మూడింటికీ "బస్తాకు మొత్తం ఖర్చు" అనే ఒకే కొలత. దగ్గరిదానికి అద్దె మాత్రమే రాసి, దూరందానికి అద్దెతో పాటు కిరాయి కూడా కలిపి రాస్తే, అది మొగ్గు చూపడమేనని అకౌంట్స్ వాళ్లు చూడగానే పట్టేస్తారు.

మీకో అభిప్రాయం ఉంటే దాచక్కర్లేదు. "నా మొగ్గు మూడోదానికి, కారణం లెక్కల షీట్ చివర రాశాను" అని ఒక లైను రాయండి. దాచిపెట్టి మీటింగ్‌లో బయటపెడితేనే అనుమానాలు వస్తాయి.

నిర్ణయం ఎవరిదో మెయిల్‌లో రాయాలా? అందరికీ తెలుసు కదా.

తెలుసనుకుంటారు. కుటుంబ వ్యాపారాల్లో ఇది మరీ చిక్కు. అన్నదమ్ములిద్దరూ పార్ట్‌నర్లే అయితే పర్చేజ్ మేనేజర్ పెద్దాయన మాట చివరిదనుకుంటాడు, అకౌంటెంట్ చెక్కు మీద సంతకం చేసే చిన్నాయన మాట చివరిదనుకుంటాడు. మీటింగ్‌లో ఇద్దరూ చెరో మాట అంటే మిగతా ముగ్గురూ సీలింగు ఫ్యాను వైపు చూస్తారు.

ఒక్క వాక్యం చాలు: "చివరి నిర్ణయం మేనేజింగ్ పార్ట్‌నర్ గారిది. మిగతా నలుగురి అభిప్రాయం విన్నాక అక్కడే చెబుతారు." ఈ వాక్యాన్ని ఆయనకు చూపించి, సరేనన్నాకే మెయిల్ పంపండి. ఆయనకు చెప్పకుండా ఆయన మీద బాధ్యత పెడితే మెయిల్ చదివాక ఫోన్ మీకే వస్తుంది.

ఆ నిర్ణయించే మనిషి రాలేకపోతే మీటింగ్ జరపకండి, వాయిదా వేయండి. మిగతా నలుగురూ తేల్చింది ఆయన ముందు మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వస్తుంది, అంటే రెండు మీటింగులు. ఆయన తన బదులు ఇంకొకరు తేల్చవచ్చని రాసి పంపితే సంగతి వేరు. ఆ మాట నోటితో కాకుండా మెయిల్‌లో ఉండాలి.

గడువు దాటితే ఏమవుతుందో కూడా రాయండి. "28లోగా అడ్వాన్స్ కట్టకపోతే దూరపు స్టోరేజీ మనకు ఉంచిన చాంబర్ వేరేవాళ్లకు ఇస్తుంది. గురువారం తేలకపోతే మొత్తం దగ్గరి స్టోరేజీకే వెళ్తుంది." తేల్చకపోవడం కూడా ఒక నిర్ణయమేనని, దాని ఖరీదు ఇంత అని ఈ లైను చూపిస్తుంది. గడువు నిజమైనదైతేనే రాయండి. లేని గడువు ఒకసారి రాసి దొరికిపోతే తర్వాతి మెయిళ్లలో ఏ తేదీనీ ఎవరూ నమ్మరు.

ఎజెండా అంశాలు ఎలా రాయాలి?

ఒక్కో అంశాన్ని ప్రశ్నగా రాయండి. "రవాణా" అని రాస్తే ఎవరికి తోచింది వాళ్లు మాట్లాడతారు. "దూరపు స్టోరేజీకి బస్తాకు అదనపు రవాణా ఖర్చు ఎంత పడుతుంది?" అని రాస్తే జవాబు ఒక అంకె. అది చెప్పగానే అంశం ముగుస్తుంది.

ప్రతి ప్రశ్న పక్కన ఎవరు మొదలుపెడతారో, ఎన్ని నిమిషాలో ఉండాలి. 45 నిమిషాల మీటింగుకు మూడు ప్రశ్నలు సరిపోతాయి. నాలుగోది పెట్టారంటే ఏదో ఒకటి తేలకుండా మిగులుతుంది. మిగిలేది సాధారణంగా చివరిది, అదే అసలు నిర్ణయం. అందుకని నిర్ణయానికి చివరి పది నిమిషాలను విడిగా, గడియారం టైముతో సహా రాయాలి: "4:35 నుంచి 4:45". "10 నిమిషాలు" అని మాత్రమే రాస్తే ముందు అంశాలు దాన్ని మింగేస్తాయి. 4:35 అని ఉంటే ఎవరో ఒకరు గోడ గడియారం చూస్తారు.

"ఇతర అంశములు" అనే లైను తీసేయండి. సర్క్యులర్ల నుంచి అలవాటైన లైను అది. నిర్ణయం కోసం పెట్టిన మీటింగులో ఎవరి మనసులో ఉన్న గొడవకైనా అది తలుపు తెరిచి పెట్టినట్టే.

ముందుగా ఏం సిద్ధం చేసుకుని రావాలో ఎంత వివరంగా చెప్పాలి?

ఎక్కువ మెయిళ్లు తప్పేది ఇక్కడే. "జత చేసిన పత్రాలు చదివి సిద్ధంగా రాగలరు" అని ఐదుగురికీ ఒకే మాట రాస్తే ఎవరి మీదా భారం పడదు. ప్రతివాళ్లూ మిగతా నలుగురు చదివి ఉంటారులే అనుకుంటారు.

సిద్ధపడటంలో రెండు రకాలున్నాయి, వాటిని కలపకండి. ఒకటి అందరూ చదవాల్సింది. అది ఒక పేజీ దాటకూడదు. చదవడానికి ఎంతసేపు పడుతుందో కూడా రాయండి, "10 నిమిషాలు" అని. రెండోది ఒక్కొక్కరు పేరుపేరునా తేవాల్సింది. అది ఒక అంకో, అవునో కాదో అయి ఉండాలి, ఇవ్వాల్సిన గడువు మీటింగుకు ముందే ఉండాలి. మీటింగుకు తెచ్చిన అంకెను అక్కడ ఎవరూ సరిచూడలేరు. రెండు రోజుల ముందు వస్తే సరిచూడొచ్చు.

ఎందుకింత పట్టుబట్టాలో మన మిల్లు లెక్కలోనే కనిపిస్తుంది. దగ్గరి స్టోరేజీ సీజన్ అద్దె బస్తాకు 190 రూపాయలు, దూరందానిది 165. తేడా 25. పదివేల బస్తాలకు రెండున్నర లక్షల మిగులు. ఇంతవరకే చూస్తే మీటింగే అక్కర్లేదు, దూరందే మేలు. కానీ లారీకి 200 బస్తాల చొప్పున 50 లోడ్లు. యార్డు నుంచి స్టోరేజీకి ఒకసారి, తర్వాత స్టోరేజీ నుంచి మిల్లుకు ఒకసారి, మొత్తం వంద ట్రిప్పులు. దూరం వల్ల ట్రిప్పుకు 1,800 అదనం అనుకుంటే 1,80,000. బస్తాకు 18 రూపాయలు. రెండున్నర లక్షల మిగులు 70,000కు దిగింది, అంటే బస్తాకు 7 రూపాయలు. ఆ ఏడు రూపాయల కోసం సరుకు దూరంగా పెట్టుకోవాలా అన్నదే ఇప్పుడు అసలు ప్రశ్న. 4,000 బస్తాలే దూరం పంపితే మిగులు 28,000.

ఆ 1,800 అనే అంకె ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జ్ దగ్గర ఉంది. మెయిల్‌లో ఆయన్ను పేరు పెట్టి అడగకపోతే మీటింగులో "సుమారు పదిహేను వందలు, రెండు వేలు అవుతుందండీ" అంటారు. 1,500 అయితే మిగులు లక్ష, 2,000 అయితే 50,000. లక్షకూ యాభై వేలకూ మధ్య ఎక్కడో తేలుతూ నిర్ణయం జరగదు. "దూరపు స్టోరేజీకి 200 బస్తాల లోడ్‌కు, ఒక వైపుకు, దగ్గరిదానికంటే ఎంత అదనం? హమాలీ కలపకుండా. మంగళవారం సాయంత్రం 5లోగా ఈ మెయిల్‌కే రిప్లైగా పంపండి" అని అడిగితే ఒక్క అంకె వస్తుంది. "హమాలీ కలపకుండా" అన్న మాటను వదిలేస్తే ఒకరు కలిపి ఇస్తారు, ఇంకొకరు కలపకుండా ఇస్తారు. అది బయటపడేది మీటింగు మధ్యలోనే.

పెద్దవాళ్లకు, పార్ట్‌నర్లకు "చదివి రండి" అని రాస్తే బాగుంటుందా?

రాయడం తప్పు కాదు, రాసే తీరు ఉంది. "రావలెను", "హాజరు కావలెను" అంటే కలెక్టరేట్ సర్క్యులర్‌లా ఉంటుంది. "వీలైతే ఒకసారి చూడగలరు" అంటే మర్యాదగా ఉంటుంది కానీ చూడకపోయినా పర్వాలేదన్న అర్థం వస్తుంది. మధ్యస్థంగా, పనికీ టైముకీ కారణం కలిపి రాయండి: "మీరు షీట్‌లో మూడో లైను, కిరాయి లెక్క, ఒకసారి చూసి వస్తే నిర్ణయం పది నిమిషాల్లో అయిపోతుంది." పెద్దాయనకైనా తన టైము మిగులుతుందంటే అభ్యంతరం ఉండదు.

అందరికీ వెళ్లే మెయిల్‌లో ప్రతి ఒక్కరికీ "గారు" ఉంచండి. ఒకరికి పెట్టి ఇంకొకరికి మరిచిపోతే, ఏళ్ల తరబడి పనిచేస్తున్న ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జ్ అంకె పంపడం ఆలస్యం చేయడానికి అదొక్కటే చాలు.

సబ్జెక్టు లైను ఎలా ఉండాలి?

నిర్ణయం, రోజు, టైము. "నిర్ణయం: 10,000 బస్తాలు ఏ కోల్డ్ స్టోరేజీకి – గురు 26, సా. 4:00". ఫోన్‌లో చివర తెగిపోతుంది కాబట్టి ముఖ్యమైన మాట ముందుండాలి. "అర్జెంట్ మీటింగ్" అని పెట్టకండి. ఆ పేరుతో వచ్చినవి ఇన్‌బాక్సులో ఇప్పటికే పది ఉంటాయి, తర్వాత వెతికితే ఏది ఏదో తెలియదు.

గుంటూరుకు ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి. మిర్చి వాళ్లు కోల్డ్ స్టోరేజీని "ఏసీ" అంటారు. సబ్జెక్టులో "ఏసీ విషయం తేల్చాలి" అని రాస్తే పర్చేజ్ మేనేజర్‌కు అర్థమవుతుంది. హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన అకౌంటెంట్ ఆఫీసు ఏసీ సర్వీసు బిల్లు వెతుకుతాడు.

మొత్తం మెయిల్ ఒకసారి చూపించగలరా?

> సబ్జెక్టు: నిర్ణయం: 10,000 బస్తాలు ఏ కోల్డ్ స్టోరేజీకి – గురు 26, సా. 4:00
>
> అందరికీ నమస్కారం.
>
> గురువారం 26 ఫిబ్రవరి సాయంత్రం 4:00 నుంచి 4:45 వరకు మిల్లు ఆఫీసులో కూర్చుందాం. లేచేసరికి ఒకటి తేలాలి: ఈ సీజన్ 10,000 బస్తాలు మొత్తం దగ్గరి స్టోరేజీలోనా, మొత్తం దూరపు స్టోరేజీలోనా, లేక 6,000 దగ్గర, 4,000 దూరమా. అందరి అభిప్రాయం విన్నాక మేనేజింగ్ పార్ట్‌నర్ గారు అక్కడే నిర్ణయం చెబుతారు.
>
> ఇప్పుడే ఎందుకు: దూరపు స్టోరేజీ 28 శనివారం వరకే మనకు చాంబర్ ఆపుతుంది. గురువారం తేలకపోతే సరుకంతా దగ్గరిదానికే వెళ్తుంది.
>
> ఎజెండా
> 4:00 – 4:05 షీట్‌లో తప్పు అంకెలేమైనా ఉన్నాయా? (అందరూ)
> 4:05 – 4:20 మూడు దారుల్లో బస్తాకు మొత్తం ఖర్చు ఎంత? (అకౌంట్స్)
> 4:20 – 4:35 జూన్ నుంచి వారానికి 400 బస్తాలు మిల్లుకు తీయాలంటే దూరం నుంచి వీలవుతుందా? (ప్రొడక్షన్)
> 4:35 – 4:45 నిర్ణయం. అడ్వాన్స్ ఎవరు, ఏ రోజు కడతారు?
>
> మంగళవారం 24 సాయంత్రం 5లోగా ఈ మెయిల్‌కు రిప్లైగా
> ట్రాన్స్‌పోర్ట్ గారు: 200 బస్తాల లోడ్‌కు, ఒక వైపుకు, దూరపు స్టోరేజీకి అదనపు కిరాయి ఎంత? హమాలీ కలపకుండా.
> పర్చేజ్ గారు: ఏప్రిల్ చివరికి మన కొనుగోలు 10,000 బస్తాలు దాటుతుందా? అవును / కాదు.
> ప్రొడక్షన్ గారు: ఒక రోజు ముందు చెబితే లోడ్ బయటికి ఇస్తారా? రెండు స్టోరేజీలకూ ఫోన్ చేసి కనుక్కోండి.
>
> ఈ అంకెలతో ఒక పేజీ షీట్ బుధవారం 11 గంటలకు పంపుతాను. 10 నిమిషాలు పడుతుంది, అందరూ చూసి రండి.
>
> రాలేకపోతే మంగళవారంలోగా చెప్పండి. క్వాలిటీ ఇన్‌చార్జ్ గారు రావడం తప్పనిసరి కాదు, సమాచారం కోసం పంపుతున్నాను.

ఇంతకంటే పొడుగైతే మెయిల్‌లో రాయాల్సింది కాదు, షీట్‌లో పెట్టాల్సింది.

ఎన్ని రోజుల ముందు పంపాలి? ఏ టైము మంచిది?

లోపలివాళ్లకే అయితే మూడు పనిదినాలు చాలు: సోమవారం మెయిల్, మంగళవారం అంకెలు, బుధవారం షీట్, గురువారం మీటింగ్. వారం ముందు పంపితే మరిచిపోతారు, ముందురోజు పంపితే అంకెలు రావు.

టైము విషయంలో మనుషుల రోజు చూడండి. మిర్చి సీజన్‌లో పర్చేజ్ మనిషి ఉదయమంతా యార్డులోనే ఉంటాడు, ఫోన్ కూడా ఎత్తడు. సాయంత్రం 4 తర్వాతే అతను దొరుకుతాడు. ఇక మన వైపు రాహుకాలం పట్టించుకునే యజమానులు చాలామంది. గురువారం 1:30 నుంచి 3, మంగళవారం 3 నుంచి 4:30, శుక్రవారం 10:30 నుంచి 12. సూర్యోదయాన్ని బట్టి పంచాంగంలో కొద్దిగా మారుతుంది. మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా, నిర్ణయం చెప్పాల్సిన ఆయనకు ఉంటే మంగళవారం 3:30కి పెట్టిన మీటింగులో చివరి ఖాళీ నిండదు. "రేపు పొద్దున చెబుతాను" అంటారు.

మెయిల్ చాలదా, క్యాలెండర్ ఇన్వైట్ కూడా పంపాలా?

రెండూ వేరు పనులు చేస్తాయి. ఇన్వైట్ ఫోన్‌లో టైము గుర్తు చేస్తుంది, మెయిల్ పని చెబుతుంది. రెండూ పంపితే వివరాలు ఒక్కచోటే ఉంచండి. ఇన్వైట్ వివరాల్లో నిర్ణయ వాక్యం మాత్రం పెట్టి, "ఎజెండా మెయిల్‌లో ఉంది" అని రాయండి. ఎజెండాను రెండుచోట్ల అతికిస్తే, ఒకచోట టైము మార్చి రెండోచోట మరిచిపోతారు.

గూగుల్ క్యాలెండర్‌లో టైము మార్చి సేవ్ చేసేటప్పుడు, పిలిచినవాళ్లకు కబురు పంపాలా అని అడుగుతుంది. తొందరలో `Don't send` నొక్కితే మార్పు గురించి వాళ్లకు మెయిల్ వెళ్లదు. మెయిళ్లే చూసేవాళ్లు పాత టైముకు వచ్చి కూర్చుంటారు. తప్పనిసరి కానివాళ్లను గెస్టుల జాబితాలో `Optional` గా గుర్తించవచ్చు, అవుట్‌లుక్‌లోనూ ఆ సదుపాయం ఉంది. అది చేయకపోతే క్వాలిటీ ఆయన కూడా యార్డు పని వదిలి వస్తారు.

`Yes` నొక్కినంత మాత్రాన అంకె తెస్తున్నట్టు కాదు, `Maybe` అంటే మన భాషలో "చూద్దాంలే". నిర్ణయించే మనిషి నుంచి `Maybe` వస్తే ఫోన్ చేసి కనుక్కోండి.

షీట్ జత చేయాలా, లింకు ఇవ్వాలా?

ఒక పేజీయే కాబట్టి పీడీఎఫ్ జత చేయండి. ఫోన్‌లో తెరుచుకుంటుంది, అంకెలు అటూ ఇటూ కావు. గూగుల్ డ్రైవ్ లింకు ఇస్తే పంపేముందు షేరింగ్ చూడండి. `Restricted` అని ఉంటే మీరు చేర్చనివాళ్లకు తెరుచుకోదు, అనుమతి అడుగుతూ మీకు మెయిళ్లు వస్తాయి. బుధవారం రాత్రి వచ్చిన ఆ మెయిల్‌ను మీరు చూసేది గురువారం పొద్దున. మీ సొంత అకౌంటు లేని ఫోన్‌లో లింకు నొక్కి చూడటమే నమ్మకమైన పరీక్ష.

ఫైలు పేరులో తేదీ పెట్టండి. "ఫైనల్", "ఫైనల్ 2", "కొత్త ఫైనల్" అని మూడు వెళ్తే మీటింగులో ముగ్గురి చేతుల్లో మూడు లెక్కలుంటాయి.

అంకెలు రాలేదు. మీటింగ్ జరపాలా?

మంగళవారం 5 దాటితే అదే సాయంత్రం ఆ ఒక్కరికి ఫోన్ చేయండి. అందరికీ రిప్లైలో "ఇంకా ట్రాన్స్‌పోర్ట్ అంకె రాలేదు" అని రాసి అడిగితే అంకె రావచ్చు, మనిషి మాత్రం దూరమవుతాడు. బుధవారం మధ్యాహ్నానికీ రాకపోతే, ఆ అంకె లేకుండా నిర్ణయం మారుతుందా అని చూడండి. మన లెక్కలో మారుతుంది, కాబట్టి మీటింగును శుక్రవారానికి జరపడమే మేలు. 28వ తేదీ గడువుకు ఒక రోజు మిగిలి ఉంటుంది. పర్చేజ్ వాళ్ల అవును-కాదు రాకపోతే మాత్రం జరిపేయొచ్చు, ఆ జవాబు గదిలోనే రెండు నిమిషాల్లో దొరుకుతుంది.

షీట్ వచ్చినా కొందరు చదవకుండా వస్తారు. వాళ్ల కోసం మొదటి ఐదు నిమిషాలూ అందరి చేతిలో కాగితం పెట్టి నిశ్శబ్దంగా చదివించండి. చదివినవాళ్లు ఆ ఐదు నిమిషాల్లో తప్పులు పడతారు. నోటితో వివరించడం మొదలుపెడితే పదిహేను నిమిషాలు పోతాయి, చదివి వచ్చినవాళ్లు వచ్చేసారి చదవరు.

మాది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. ఈ మెయిలే బోర్డు మీటింగ్ నోటీసు అవుతుందా?

ఇలా మూడు రోజుల ముందు పంపితే కాదు. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 173 ప్రకారం బోర్డు మీటింగుకు ప్రతి డైరెక్టరుకూ కంపెనీ దగ్గర నమోదైన అడ్రసుకు కనీసం 7 రోజుల ముందు రాతపూర్వక నోటీసు వెళ్లాలి. చేతికిచ్చినా, పోస్టులో పంపినా, ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపినా చెల్లుతుంది, అంటే మెయిల్ కూడా పనికొస్తుంది. అత్యవసరమైన పనికి తక్కువ వ్యవధిలో పిలిచే వీలు చట్టంలోనే ఉంది, దానికి షరతులున్నాయి. అలా పిలిచేముందు మీ కంపెనీ సెక్రటరీని అడగండి. మన మిల్లు పార్ట్‌నర్‌షిప్ కాబట్టి ఈ నియమం దానికి వర్తించదు, వాళ్ల పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో ఏం రాసుకున్నారో అది చూసుకోవాలి.

అసలు మీటింగ్ అక్కర్లేదని ఎలా తెలుస్తుంది?

మంగళవారం సాయంత్రం వచ్చిన అంకెలతోనే తెలుస్తుంది. అదనపు కిరాయి 1,800 బదులు 2,600 వచ్చిందనుకోండి. వంద ట్రిప్పులకు 2,60,000, అద్దెలో మిగిలేది 2,50,000. దూరపు స్టోరేజీ నష్టం, 4,000 బస్తాలే దూరం పంపినా నష్టమే. ఇక ఐదుగురిని కూర్చోబెట్టి తేల్చేదేమీ లేదు. అదే మెయిల్‌కు రిప్లై రాయండి:

> ట్రాన్స్‌పోర్ట్ అంకె వచ్చింది, లోడ్‌కు 2,600. దూరపు స్టోరేజీలో పెడితే మొత్తం మీద 10,000 నష్టం, షీట్ జత చేశాను. మొత్తం దగ్గరిదానిలో పెట్టడానికి మేనేజింగ్ పార్ట్‌నర్ గారు సరేనన్నారు. గురువారం మీటింగ్ రద్దు. దూరపు స్టోరేజీకి చాంబర్ వద్దని పర్చేజ్ గారు రేపు మధ్యాహ్నంలోగా చెబుతారు.

క్యాలెండర్‌లో కూడా ఈవెంటు తీసేసి, ఈసారి `Send` నొక్కండి.